పల్లవిని హిందీలో పాడించాలంటే లెక్క చెవితోనే

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను, హిందీ ఒక సబ్జెక్టు. పాటల అనువాదంలోకి వెళ్లాలని ఉంది. మా ఊడ్పుల పాట పల్లవి ‘రావే చెల్లీ ఊడ్చేద్దామూ’ని ‘ఆ బహన ధాన రోపేఁ’ అని రాశాను. రెండిట్లోనూ ఎనిమిది అక్షరాలే. పాడితే మాత్రం కుదరడం లేదు. ఎక్కడ తప్పాను? తర్వాత ఏం చదవాలి?

జవాబు: అర్థం బాగానే పట్టుకున్నావమ్మా. మన డెల్టాలో ‘ఊడ్చడం’ అంటే వరి నాట్లు వేయడం, డెల్టా దాటితే ఆ మాటకు చీపురే గుర్తొస్తుంది, నువ్వు ఆ పొరపాటు చేయలేదు. తప్పంతా లెక్కలో ఉంది. తెలుగులో రాసిన అచ్చు దాదాపు ప్రతిదీ పలుకుతాం. హిందీలో మాట చివరి ‘అ’ నోట్లోనే ఆగిపోతుంది. బహన ‘బహన్’ అవుతుంది, ధాన ‘ధాన్’ అవుతుంది. కాగితం మీద ఎనిమిదున్నా నోటికొచ్చేవి ఆరే: ఆ, బ, హన్, ధాన్, రో, పేఁ.

ఇప్పుడు చప్పట్లు కొట్టి చూడు. నీ తెలుగు పల్లవిలో అన్నీ గురువులే, మొత్తం పదహారు మాత్రలు. నాలుగు మాత్రలకో చప్పట్టు వేస్తే రా, చె, ఊ, దా మీద పడుతుంది. హిందీలోనూ ఆ నాలుగు చోట్లా బరువైన అక్షరం ఉండాలి. ‘ఆ రీ బహనా, ధాన్ లగాఏఁ’ అని పాడి చూడు. చప్పట్లు ఆ, బహ్, ధా, గా మీద పడతాయి. ధాన్‌కు మూడు మాత్రలు, ‘ల’కు ఒకటి, కలిపితే ‘ఊడ్చే’ పట్టినంత చోటే. పలికేవీ ఎనిమిదే. ‘రావే’లోని చనువు ‘రీ’లో దొరికింది, ఆడపిల్లను పిలిచే మాట అది. ‘రే’ పెడితే ఆ ఛాయ పోతుంది. ‘రోపేఁ పౌధే’ అంటే తాళం ఇంకా నున్నగా కూర్చుంటుంది గానీ వరి మాయమై ఏదో మొక్క మిగులుతుంది. నేనైతే ‘ధాన్’నే ఉంచుతాను.

ఒక్క ఇబ్బంది. ‘మూ’ దగ్గర పెదవులు కలుస్తాయి, ‘ఏఁ’ దగ్గర తెరుచుకుంటాయి. వేదిక మీద ఎవరికీ పట్టదు. డబ్బింగులో పాడే మనిషి ముఖం దగ్గరగా కనిపిస్తే మాత్రం ఆ చివర మళ్లీ రాయాల్సిందే.

చదువు సంగతికొస్తే, డిగ్రీ తర్వాత ఎం.ఏ. హిందీ చేస్తూ అనువాదం పేపరు ఉన్న చోటు చూసుకో. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రానికీ అనువాద అధ్యయనాలకూ కలిపి ఒక కేంద్రమే ఉంది. పాటల పని ఒక్కదాని మీదే నెలనెలా డబ్బు రావడం కష్టం, మామూలు అనువాదం పక్కన పెట్టుకోవాలి. పని అడగడానికి వెళ్లేటప్పుడు ఐదారు పల్లవులు చాలు. ఒక్కోదానికి తెలుగు, హిందీ, మాటకు మాట అర్థం ఒకదాని కింద ఒకటి రాసి, చప్పట్లతో పాడిన ఫోను రికార్డింగు జత చెయ్యి. ముందు తెలుగు రాని హిందీవాళ్లెవరితోనైనా పాడించు. వాళ్లు తడబడిన చోటే మార్చాల్సిన చోటు.