సొంత డబ్బా అనిపించకుండ బయో ఎట్ల రాయాలె?

"భూపాలపల్లి దిక్కు జడ్పీ హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్త. హన్మకొండల సెమినార్ల మాట్లాడమన్నరు, 100 పదాల్ల బయో పంపమన్నరు. రాయబోతే సొంత డబ్బా కొట్టుకున్నట్టే ఉంటంది, రాసుడు చెరుపుడు అయితంది. మీరెట్ల రాస్తరు?"

సార్, నేను డిగ్రీ కాలేజీల బోటనీ చెప్త. మా దగ్గర సెమినార్ పెట్టినప్పుడల్ల బ్రోచర్ పని, వచ్చినోళ్లను స్టేజీ మీద పరిచయం చేసే పని నాకే పడ్తది, అందుకే బయోలు మస్తు చదివిన, మస్తు సరిచేసిన. మన దిక్కు నుంచి వచ్చేటియి ఎక్కువగ రెండు రకాలు. ఒకటి "అంకితభావం గల ఉపాధ్యాయులు, సైన్స్ బోధనలో విశేష కృషి, ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపారు" అని, ఇది చానమట్టుకు ఆ సారు రాసింది కూడ కాదు, ఎప్పుడో సన్మాన పత్రంల ఉన్నది ఎత్తి పెడ్తరు. రెండోది ఒక్కటే లైన్, పేరు, హోదా, స్కూల్, మండలం, అంతే.

సిగ్గుపడేటోళ్లు ఈ రెండోది పంపి హమ్మయ్య అనుకుంటరు. కానీ స్టేజీ మీద ఏమైతదో నేను చూస్తనే ఉంట కదా. పరిచయం చేసేటాయన చేతిల ఒక్క లైన్ కాయితమే ఉంటది, మైకు ముందట నిమిషమన్న మాట్లాడాలె, ఇగ "బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరులు, మన జిల్లాకే గర్వకారణం" అని నోటికొచ్చింది కలుపుతడు. మీరు ఏ మాటలకు భయపడి రాయలేదో అవే మాటలు వందమంది ముందట కూసొని వినాల్సొస్తది. ఆ వంద పదాలు మీరే నింపి పంపితే ఆయనకు కలిపే అవసరం రాదు.

ఇగ రాసేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగుతదంటే, నాకు తెలిసి సగం ఇబ్బంది మన తెలుగు వాక్యంలనే ఉంది. బ్రోచర్ల బయో ఇంకొకరు చెప్పినట్టు ఉండాలె. ఇంగ్లీషుల అయితే పేరు పెట్టి రాసుకుంట పోవచ్చు, మనకు అట్ల కాదు, "బోధిస్తున్నారు" అంటే మనకు మనమే మర్యాద ఇచ్చుకున్నట్టు, పైంగ ముందట శ్రీ, వెనక గారు. పోనీ "బోధిస్తున్నాడు" అని రాద్దామంటే అచ్చుల అది ఎవరినో చిన్నగ చేసినట్టు కనపడ్తది, ఆర్గనైజర్లు ఎట్లయినా మార్చేస్తరు. దీనికి తెలుగు పుస్తకాల వెనక అట్ట మీద రచయిత పరిచయాలల్ల మంచి దారి ఉంది, "పుట్టింది ఫలానా ఊర్లో, చదివింది ఫలానా చోట, ప్రస్తుతం చేస్తున్నది ఇది" అని పోతది. అండ్ల నేను లేదు, ఆయన లేదు, గారు లేదు, డు-రు పంచాయితీ లేదు. నేను ఎవరి బయో పట్టినా ముందుగాల ఈ వాక్యంలకు మారుస్త, ఇది మారిస్తేనే చాలమందికి పెన్ను కదులుతది.

తర్వాతది లోపల ఏం పెట్టాలె అన్నది. మనకు డబ్బా అనిపించేది చేసిన పని కాదు సార్, ఆ పని ఎంత గొప్పదో మనమే తీర్పు చెప్పుడు. "విశేష కృషి" అన్నది తీర్పు, "ఆదర్శ ఉపాధ్యాయుడు" అన్నది తీర్పు, "వినూత్న" అన్నా అదే. తీర్పు చెప్పాల్సింది చదివేటోళ్లు. మీరు క్లాస్ల ఏం జరిగిందో చెప్పండి, కండ్ల ముందట కనపడేటట్టు, కావాలంటే ఎవరన్న వచ్చి చూసుకునేటట్టు.

మీ లెక్కనే ఏటూరునాగారం దిక్కు నుంచి ఒక సారు మా సెమినార్‌కు వచ్చిండు. ఆయన పంపింది కూడ ఒక్క లైనే. ఫోన్ చేసి సార్ మీరు ఏం చేస్తరో చెప్పండి అంటే "ఏముందమ్మా, అందరి లెక్కనే పాఠం చెప్త" అన్నడు. ఈ ప్రశ్నకు ఎవరైనా అట్లనే అంటరు, అందుకే ప్రశ్న మార్చిన, పోయిన వారం ఎనిమిదో తరగతిల ఏం చేయించిన్రు సార్ అని. అప్పుడు మాట పెగిలింది. పిల్లలు ఇంటి నుంచి నీళ్లు తెస్తరట, కొందరు బోరుయి, కొందరు చేదబావియి, కొందరు మిషన్ భగీరథ నల్లాయి. ఒకే తీరు సీసాలల్ల ఒకే కొలత నీళ్లు పోసి, లెక్కపెట్టి అన్నే చుక్కల సబ్బు నీళ్లు వేసి, మూత పెట్టి ఊపి, నురగ ఎంత ఎత్తు లేసిందో స్కేలుతోని కొలుస్తరు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లల్ల నురగ లేవది. సబ్బే వాడాలె, సర్ఫ్ వాడొద్దు, సర్ఫ్ అయితే కఠిన నీళ్లల్ల కూడ నురగొస్తది, తేడా తెలువది అని కూడ చెప్పిండు. ఎవరి ఇంటి నీళ్లు ఎట్లున్నయో చార్ట్ గీసి గోడకు పెట్టిన్రట. ఇంత చెప్పినాయన కాయితం మీద మాత్రం "టీచర్" అని రాసి పంపిండు.

మళ్ల అడిగితే ఇంకోటి చెప్పిండు, ఆ ప్రయోగం చూసిన ఒక ఆడపిల్లకు ఆలోచన వచ్చి, ఆ ఆలోచన పంపిస్తే అది ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్‌ల సెలెక్ట్ అయింది. మీకు తెలిసే ఉంటది, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖది, సెలెక్ట్ అయిన పిల్లల ఖాతాల 10,000 రూపాయలు పడ్తయి, దాంతోని మోడల్ చేసి జిల్లా ప్రదర్శనకు తీసుకపోవాలె, ఆడ బాగుంటే రాష్ట్రం, ఆ మీద దేశం. ఈ పిల్ల జిల్లా దాక పోయింది. ఇది రాద్దాం సార్ అంటే వద్దే వద్దన్నడు, "అది పిల్లది, నాదేముంది" అని.

ఇక్కడ ఆగి చెప్పాలె. మనోళ్లు వినయంగ ఉండాలని రెండు పనులు చేస్తరు, ఒకటి అసలు చెప్పరు, రెండోది "మేం చేసినం" అంటరు. మేం అంటే ఎవరు? హెచ్చెమ్మా, స్టాఫంతనా, మీరొక్కరేనా? చదివేటోళ్లకు అర్థం కాదు, మీ పాలు అండ్ల కలిసిపోతది, ఆ పిల్ల పాలు కూడ కలిసిపోతది, అది ఇంకా అన్యాయం. ఎవరి పాలు వాళ్లకు విడదీసి రాస్తే మన పాలు రాసుకునుడు బరువనిపించది. ఇది మనకు కొత్త కూడ కాదు. పాలకుర్తి దగ్గర బమ్మెర మనదే కదా, పోతన భాగవతంల స్కంధం అయిపోయిన కాడ గద్యం చూడండి, పరమేశ్వరుని దయతోని వచ్చిన కవిత్వం, కేసన మంత్రి కొడుకు, సహజ పాండిత్యం గలాయన రాసింది అని ఉంటది. దేవునిది దేవునికి, తండ్రిది తండ్రికి ఇచ్చిండు, తనదేందో అది కూడ దాచకుండ చెప్పిండు.

మొత్తానికి ఆ సారు ఒప్పుకున్నంక మేం పంపింది ఇట్లుంది, పేరు తీసేసి పెడుతున్న:

"పుట్టింది ములుగు జిల్లాలో. చదివింది కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ప్రస్తుతం జడ్పీ హైస్కూల్‌లో ఫిజికల్ సైన్స్ టీచర్. ఎనిమిదో తరగతిలో ఏటా చేయిస్తున్న ప్రయోగం: పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన బోరు, బావి, నల్లా నీళ్లలో సబ్బు నురగ ఎత్తు కొలిచి, నీటి కఠినత్వాన్ని పోల్చి చూడటం. ఆ ఫలితాల చార్టు స్కూల్ గోడ మీద ఉంది. ఈ ప్రయోగం నుంచి ఒక విద్యార్థినికి వచ్చిన ఆలోచన ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్‌కు ఎంపికై జిల్లా ప్రదర్శన దాకా వెళ్లింది. ఆలోచన ఆమెది, మోడల్ కొలతల్లో సాయం లెక్కల టీచర్‌ది, గైడ్ టీచర్‌గా ప్రయోగాలు దగ్గరుండి చేయించిన పని తనది. ఈ సెమినార్‌లో చెప్పబోయేది: ల్యాబ్ లేని స్కూల్లో ఇంటి సామాన్లతో చేయించగల ప్రయోగాలు."

చూడండి, ఒక్క పొగడ్త మాట లేదు, అయినా చదివినోళ్లకు ఈయన మాట వినాలె అనిపిస్తది. ఆఖరి వాక్యం తప్పకుండ పెట్టండి, కూసున్నోళ్లకు మీ చరిత్ర కన్నా ఇయ్యాల ఏం వినబోతున్నరో అది కావాలె. తెలుగుల వంద పదాలంటే చాన చోటు, ఇంగ్లీషుల మూడు పదాలు పట్టేది మనకు ఒక్క పదంల పోతది, అందుకే నింపాలని సాగదీయకండి.

అవార్డుల సంగతి ఒక్కటి జాగ్రత్త. నిజంగ డబ్బా అయ్యేది ఇక్కడనే, అది కూడ ఎక్కువ చెప్పడం వల్ల కాదు, కొసరు మాట ఎగ్గొట్టడం వల్ల. సెప్టెంబర్ 5న మండలం లెవల్ల ఇచ్చింది, జిల్లా లెవల్ల ఇచ్చింది, రాష్ట్రం లెవల్ల ఇచ్చింది వేరేవేరే. ఉత్త "బెస్ట్ టీచర్ అవార్డు గ్రహీత" అని రాస్తే చదివేటాయన పెద్దదే అనుకుంటడు, తెల్సినోళ్లు పక్కన కూసొని నవ్వుతరు. ఎవరిచ్చిన్రు, ఏ లెవల్, ఏ సంవత్సరం, ఈ మూడూ రాయండి. అన్నీ అక్కర్లేదు, మాట్లాడే విషయానికి దగ్గరున్నది ఒక్కటి చాలు. ఆన్‌లైన్ల విన్న వెబినార్‌ను అంతర్జాతీయ సదస్సు అని రాసుడు అస్సలు వద్దు.

ఈ పద్ధతి అన్నింటికి పనికిరాదని కూడ చెప్త. అవార్డ్ నామినేషన్‌కో ఫెలోషిప్‌కో అప్లై చేసేటప్పుడు అక్కడ మార్కులేసేటోళ్లకు "నేను ఇది చేసిన, దానివల్ల ఇది మారింది" అని సూటిగ కావాలె, పుట్టింది చదివింది అని రాసుకుంట పోతే మీ పని వాళ్ల కంటికి ఆనది. లింక్డ్ఇన్‌ల కూడ నేను అనే రాయాలె, అండ్ల మొదటి రెండు మూడు లైన్లే కనపడ్తయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటది, కాబట్టి ఆ నురగ ప్రయోగం లాంటిది మొదట్లనే రావాలె, ఊరు చదువు తర్వాత.

రాసినంక మీ స్టాఫ్ రూంల ఆ పని దగ్గరుండి చూసిన ఒకరికి గట్టిగ చదివి వినిపించండి. ఇంట్లోళ్లకు కాదు, వాళ్లు ఎట్లున్నా బాగుందంటరు. వినేటాయన "అవ్ గదా, గట్లనే అయింది" అంటే ఆ వాక్యం ఉంచండి. "అంతనా?" అన్నట్టు మొఖం పెడ్తే అండ్ల ఏదో కొసరు మాట తప్పింది, వెతికి పెట్టండి. ఏదన్న వాక్యం కాడ మీ గొంతే తగ్గి గబగబ దాటేస్తున్నరంటే అక్కడ ఒక తీర్పు మాట దాక్కొని ఉంటది, అది తీసేసి మళ్ల చదవండి.

పంపేటప్పుడు మెయిల్ల పైన ఒక లైన్ రాయండి, "పరిచయం ఇట్లనే చదవగలరు, ముందు వెనక ఏమీ కలపొద్దని మనవి" అని. మేం ఆర్గనైజర్లం దానికి ఏం అనుకోం సార్, మాకు పనే తగ్గుతది.