మాత్రలు సరిపోయినా పల్లవి పాటలా వినిపించకపోతే ఎలా దిద్దుకోవాలి?

ప్రశ్న: ట్యూన్‌కి పల్లవి రాశాను. మాత్రల లెక్క సరిగ్గానే ఉంది, అయినా పాడితే కృతకంగా ఉంటోంది. ‘మరి’, ‘ఇక’ లాంటివి చాలా పడ్డాయి, మొదటి లైను గుర్తుండటం లేదు. ఎక్కడ మొదలుపెట్టి దిద్దాలి?

జవాబు: ఒక ప్రైవేటు ఆల్బమ్ కోసం నేను రాసిన పల్లవిని ఉదాహరణగా తీసుకుంటాను. చతురశ్ర గతిలో, పాదానికి పదహారు మాత్రలుగా, అంటే నాలుగు నాలుగుల చొప్పున నడిచే బాణీ అది. తొలి ప్రతి ఇలా ఉండేది:

మరి ఆ రోజున గుమ్మం దాటుతు
నువు నాతో ఇక ఏదో అంటూ
వెళ్ళొస్తానని అననే లేదే
నా మనసంతా ఎంతో భారం

నాలుగు పాదాలూ లెక్కకు నిలుస్తాయి. అయితే ట్యూన్ ముందుగా వచ్చినప్పుడు ఖాళీ మాత్రలను నింపడానికే కొన్ని మాటలు వచ్చి చేరతాయి. ఇక్కడ ‘మరి’, ‘ఇక’, ‘ఏదో’, ‘ఎంతో’ అలా వచ్చినవే. బాణీని పక్కన పెట్టి, పాదాన్ని ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు వచనంగా చదివి, అనుమానమున్న మాటను తీసేసి మళ్ళీ చదవండి. అర్థంలో గానీ గొంతులోని భావంలో గానీ ఏమీ తగ్గకపోతే ఆ మాట పోవలసిందే. ఈ పరీక్షలో నెగ్గేవీ ఉంటాయి. ఇదే పాట చరణంలో ‘గ్లాసున కాఫీ ఇంకా వెచ్చగ’ అనే పాదం ఉంది. అందులో ‘ఇంకా’ తీసేస్తే ఆ మనిషి వెళ్ళి ఎంతోసేపు కాలేదన్న సంగతే పోతుంది కనుక దాన్ని కదపలేదు.

తీసేసిన చోట మరో విశేషణం పెడితే పని మళ్ళీ మొదటికి వస్తుంది. అక్కడ కంటికో చెవికో అందే వస్తువును పెట్టడం నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది. ‘ఎంతో భారం’ అని చెప్పుకునే బదులు ‘గుమ్మం దాటిన చెప్పుల చప్పుడు’ అన్నాను. అప్పుడు మనసు సంగతి వేరే చెప్పనక్కరలేకపోయింది, ఆ నాలుగో పాదమే ఎగిరిపోయింది.

ఇక మకుటం. ఈ పల్లవిలో గుర్తుండే మాట ‘వెళ్ళొస్తానని’ ఒక్కటే, కానీ అది మూడో పాదంలో దాక్కుంది. దాన్ని ఎత్తుగడకు తెచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తానని చెప్పని రోజున’ అన్నది ఊరించింది. పదహారు మాత్రలూ చక్కగా విరుగుతాయి, వినడానికీ బాగుంటుంది. అయితే అది అసంపూర్ణ వాక్యం. ప్రతి చరణం చివరా పల్లవి మొదటి పాదాన్ని మాత్రమే ఎత్తుకుని ఆపినప్పుడు ‘ఆ రోజున ఏమైంది?’ అన్న ప్రశ్న గాలిలో వేలాడుతుంది. అందుకే తనంతట తాను నిలబడే నిష్ఠూరంగా ‘వెళ్ళొస్తానని అనలేదే నువు’ అని మార్చాను.

పాడి చూసినప్పుడే దీనిలోని చిక్కు బయటపడింది. పాదం చివర స్వరం సాగుతుంది. అక్కడ హ్రస్వం ఉంటే గాయని దాన్ని సాగదీయక తప్పదు; ‘నువు’ కాస్తా ‘నువూ’ అయి, ఇంకెవరో చెప్పకుండా పోగా నువ్వు కూడా అలాగే పోయావన్న అర్థం వచ్చింది. ‘వెళ్ళొస్తానని నువ్వనలేదే’ అని తిప్పాక మాత్రలు మారలేదు, సాగే స్వరం కింద ‘దే’ అనే దీర్ఘం వచ్చింది, చివరి దెబ్బ సరిగ్గా ‘లే’ మీద పడింది. మాటల్లో మనం ఒత్తి పలికేదీ ఆ లేకపోవడాన్నే.

తెలుగులో మాట సహజంగా పడిందో లేదో తేల్చేవి ప్రధానంగా ఈ రెండే: సాగే స్వరం కింద ఏ అక్షరం ఉంది, తాళం దెబ్బ మాటలో ఎక్కడ పడుతోంది. మూడో పాదంగా మొదట అనుకున్న ‘సందు మలుపులో ఆగకపోయెను’ రెండోదానిలో తప్పింది. కాగితం మీద అది నాలుగు నాలుగులుగానే విరుగుతుంది, కానీ బల్ల మీద దెబ్బ వేస్తూ పాడితే ‘సందుమ – లుపులో’ అని వినబడుతుంది. పైగా ‘పోయెను’ ఈ పాటలో నిష్ఠూరమాడే మనిషి నోట్లో ఇమడదు. చివరికి పల్లవి ఇలా స్థిరపడింది:

వెళ్ళొస్తానని నువ్వనలేదే
గుమ్మం దాటిన చెప్పుల చప్పుడు
మలుపున ఆగక మాయమయిందే

‘మాయమయిందే’ కూడా దెబ్బ దగ్గర రెండుగా విరుగుతుంది కదా అని మీరు అడగవచ్చు. విరుగుతుంది, కానీ ‘మాయం’, ‘అయిందే’ కలిసిన చోటుకు దగ్గరగా, గురువు మీద విరుగుతుంది కాబట్టి చెవికి అడ్డు తగలదు. వేగంగా సాగే పాటల్లోనైతే ఇంతకన్నా మొరటు విరుపులు కూడా చెల్లిపోతాయి. నెమ్మదిగా నడిచే బాణీలో, ముఖ్యంగా గాయని ఊపిరి తీసుకునే చోట, చెల్లవు. మంచి మాట దొరికి, అది దెబ్బకు ఒదగని పక్షంలో ఆ ఒక్క స్వరాన్ని జరపగలరేమో సంగీత దర్శకుణ్ణి అడగండి. ట్రాక్ పాడించక ముందైతే చాలామంది అభ్యంతరం చెప్పరు.