లీడరు రాసే పేర్ల పట్టీ ఏం నేర్పుతుంది?

ప్రశ్న: బీఎడ్‌లో "హిడెన్ కరికులమ్" అని ఒక పాఠం ఉంది. నిర్వచనం బట్టీ పట్టాను గానీ, నిజంగా బడిలో అది ఎక్కడ కనిపిస్తుందో అర్థం కాలేదు. టీచర్లెవరైనా సొంత అనుభవంతో చెప్తారా?

జవాబు:

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. కింది పోర్షన్ వాళ్ళ పాప ఒకటో తరగతి. సాయంత్రం మెట్ల మీద దిండ్లు వరసగా పేర్చి టీచరాట ఆడుకుంటుంది. ఒకరోజు బట్టలు ఆరేస్తూ ఆ ఆట మొత్తం విన్నాను. పాఠం "ఎ ఫర్ ఆపిల్" దగ్గర మొదలై అక్కడే అయిపోయింది. మిగిలిన పావుగంటా "చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో, ఎవర్రా మాట్లాడేది, లీడర్, పేరు రాయి". చివరికి ఒక దిండుని గోడవైపు తిప్పి నిలబెట్టింది. అదేం తప్పు చేసిందే అని అడిగితే, "మాట్లాడింది ఆంటీ" అంది. దిండు!

ఆ పిల్లకి వాళ్ళ టీచరు ఈ ఆట నేర్పలేదు. నేర్పానని ఆవిడకి తెలిసి కూడా ఉండదు. పిల్లలు టీచరాట ఆడుతుంటే ఓ పది నిమిషాలు పక్కన కూర్చోండి. బడిలో దేనికి ఎంత విలువో అందులో తెలిసిపోతుంది.

ఇలా పుస్తకంలో లేకపోయినా బడి రోజూ నేర్పేదే హిడెన్ కరికులమ్. ఈ మాట పెట్టింది అమెరికాకు చెందిన ఫిలిప్ జాక్సన్. 1968లో. ఆయన ప్రాథమిక తరగతి గదుల్లో వెనక కూర్చుని, పాఠాన్ని వదిలేసి, మిగతాది ఏం జరుగుతోందో చూశారు. గుంపులో ఉండటం, ఎవరో ఒకరు ఎప్పుడూ మనకి మార్కులు వేస్తూ ఉండటం, అధికారం ఒకరి చేతిలోనే ఉండటం. ఈ మూడింటితో సర్దుకుపోవడం పిల్లలు రోజూ నేర్చుకుంటారని ఆయన చెప్పింది. పరీక్షకి ఇంత చాలు. నేను ఒక్క అలవాటు గురించే చెప్తాను, అన్నీ చెప్పబోతే మళ్ళీ నిర్వచనంలోకే వెళ్తాం. అది లీడరు చేత పేర్లు రాయించడం.

నేను చదువుకుంది విజయవాడ సత్యనారాయణపురంలో. ఏడో తరగతిలో లీడర్ని. సార్ బయటికి వెళ్ళినప్పుడల్లా చాక్‌పీసు నా చేతికొచ్చేది. బోర్డుకి కుడి పక్క గీత గీసి, మాట్లాడిన వాళ్ళ పేరు రాయాలి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. ఇంటూకి ఒక దెబ్బ. మొదటి రోజు నేను నిజాయితీగా బోర్డు ఖాళీగా ఉంచాను, ఎందుకంటే గొడవేమీ జరగలేదు. సార్ వచ్చి, "ఒక్కళ్ళూ మాట్లాడలేదా? అయితే నువ్వే వాళ్ళతో కలిసి మాట్లాడుంటావు" అని నాకే ఒకటి తగిలించారు.

మర్నాటి నుంచి బోర్డు మీద ఎప్పుడూ అయిదారు పేర్లు ఉండేవి.

ఎవరివి రాయాలి? నా బెంచీ వాళ్ళవి రాయలేను, మధ్యాహ్నం వాళ్ళతోనే కలిసి అన్నం తినాలి. గేటు దగ్గర కాపు కాసి జడ లాగే పెద్ద పిల్లాడిది రాయలేను. మిగిలేది ఎదురు చెప్పని వాళ్ళు. ఆ ఏడాది మైలవరం వైపు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉండేది. మాట్లాడటానికి ఆమెకి అసలు స్నేహితులే లేరు. అయినా వారంలో మూడు రోజులు ఆమె పేరు బోర్డు మీద ఉండేది. నాకు ఆమె మీద కోపం ఏమీ లేదు. పట్టీలో ఒక పేరు తక్కువైంది, అంతే. ఆమె కూడా ఒక్కసారైనా "నేను మాట్లాడలేదు" అనలేదు. అప్పటికే నేర్చేసుకుంది కాబోలు.

ఈలోగా నాకు నిమ్మతొనలు, రేగువడియాలు అందేవి. "నా పేరు తుడిచేయవే" అని వెనక నుంచి చీటీలు. తుడిచేదాన్ని కూడా. చట్టం ముందు అందరూ సమానమని పౌరశాస్త్రం పుస్తకంలో చదివింది ఆ గదిలోనే, ఆ సంవత్సరమే.

ఇన్నేళ్ళ తర్వాత, టీచర్నయ్యాక, అదే పని నేనూ చేయించానని చెప్పుకోవాలి. పని ఉండి స్టాఫ్‌రూంకి వెళ్తూ "లీడర్, చూసుకో" అనడం మా వృత్తిలో ఊపిరి తీసుకున్నంత మామూలు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ తర్వాత మా బడిలో బెత్తం బీరువా మీదికి ఎక్కింది. పేర్ల పట్టీ మాత్రం కదల్లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ శిక్షగా లెక్కపెట్టలేదు. దెబ్బ బదులు నిలబెట్టడం వచ్చింది.

ఒక ఏడాది మా ఏడో తరగతి లీడరుకి ఒక నోటుబుక్కు ఇచ్చి, పేర్లు బోర్డు మీద కాకుండా అందులో రాయమన్నాను. పిల్లల పరువు పోకుండా ఉంటుందని నా ఉద్దేశం. దాంతో నాకు తెలియకుండానే రికార్డు తయారైంది. బోర్డయితే తుడిచేస్తాం కాబట్టి ఏ రోజుకి ఆ రోజే మర్చిపోతాం. మూడు వారాల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, 38 మంది ఉన్న తరగతిలో సగానికి పైగా రాతలు ఏడుగురివే. ఆ ఏడుగురిలో అయిదుగురు చివరి రెండు బెంచీల వాళ్ళు. లీడరు కూర్చునే బెంచీలో ఒక్కడి పేరూ లేదు, ఒక్కసారి కూడా.

అదొక్కటే చూసి ఏమీ అనలేం. వెనక బెంచీ వాళ్ళు నిజంగానే ఎక్కువ మాట్లాడుతుండొచ్చు కదా. అందుకని ఒకరోజు స్టాఫ్‌రూంకని చెప్పి, వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు. ఎవరి పెదవులు కదిలాయో వేళ్ళ మీద లెక్కపెడితే ఇరవై మంది దాటారు. పుస్తకంలో చూస్తే ఆరు పేర్లు. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి పక్కనమ్మాయిని రబ్బరు అడిగింది, అంతే. ఇంకో కుర్రాడు పక్కవాడికి కసాగు లెక్క చేసి చూపిస్తున్నాడు. వాడికి మూడు ఇంటూలు. నేను గదిలో ఉండి చూస్తే శెభాష్ అనేదాన్ని. పట్టీకి మాట తెలుసు గానీ మాటలో ఏముందో తెలియదు. ఆ కుర్రాడు ఆ పూట నేర్చుకుంది, పక్కవాడికి లెక్క చెప్తే నిలబడాల్సొస్తుందని.

లీడర్ని తిట్టలేదు. వాడు నాకన్నా గొప్పగా ఏమీ చేయలేదు, తక్కువగానూ చేయలేదు.

మార్చి చూద్దామని రోజుకొకరు లీడరుగా ఉండే పద్ధతి పెట్టాను. రోల్ నంబర్ల వరసలో. మొదటి వారం అంతా కక్ష సాధింపే. నిన్న లీడరుగా ఉన్నవాడి పేరు ఇవాళ పట్టీలో మొదట ఉండేది. వంతులు వేస్తే న్యాయం వస్తుందనుకున్నాను, వాళ్ళకి వచ్చింది "నా రోజు వస్తుందిగా, చూసుకుంటా" అనేది. పైగా ఎనిమిదో రోజున ఒక అమ్మాయి వచ్చి, "టీచర్, మా వంతు ఎప్పుడు?" అని అడిగింది. మా రిజిస్టర్లో ముందు మగపిల్లల పేర్లు, తర్వాత ఆడపిల్లలవి. వరసలో వెళ్తే పదిహేడు రోజుల దాకా ఒక్క ఆడపిల్లా లీడరు కాదు. ఏళ్ళ తరబడి అదే వరసలో హాజరు పిలిచాను, ఒక్కసారీ తట్టలేదు. నేను నేర్పాలనుకుని నేర్పింది కాదది, అయినా నా గొంతుతోనే రోజూ పొద్దున్నే నేర్పాను.

చివరికి పేర్లు రాయడమే మానేశాం. నేను బయటికి వెళ్ళేటప్పుడు చేయాల్సిన పని బోర్డు మీద రాస్తాను. లీడరు, ఆ పనిలో ఎవరు ఎక్కడ ఆగిపోయారో నోటుబుక్కులో రాస్తాడు, లేదా రాస్తుంది. "మూడో లెక్క, రెండో మెట్టు" అని. ఇప్పుడు పుస్తకంలో పేరు ఎక్కితే నేను వచ్చి సాయం చేస్తానని అర్థం. మొదట్లో పిల్లలు ఇదీ శిక్షే అనుకుని "నాకు వచ్చు, రాయొద్దు" అని బతిమాలారు. ఆ భయం పోవడానికి నెల పైనే పట్టింది. కొందరికి ఇప్పటికీ పోలేదు.

గోల తగ్గిందా అంటే తగ్గలేదు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. హెడ్‌మాస్టరు గారు రౌండ్‌కి వచ్చి, "మేడమ్, మీ తరగతి గోల ఆఫీసుదాకా వినిపిస్తోంది" అన్నారు. లోపల పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో ఆయన అడగలేదు. బోర్డు ఖాళీగా ఉంచితే నన్ను కొట్టిన సార్ గుర్తొచ్చారు. ఏ తరగతి నిశ్శబ్దంగా ఉంటే ఆ టీచరు మంచి టీచరు. మేం కూడా ఒక పట్టీలో ఉన్నాం. అది మారనప్పుడు లీడరు చేతిలో చాక్‌పీసు ఒక్కటీ మారిస్తే ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. నేను సెలవు పెట్టిన రోజున, నా బదులు వచ్చిన టీచరు మళ్ళీ పేర్లు రాయించారు. పిల్లలూ చక్కగా రాశారు, ఏమీ మర్చిపోలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పిల్లలు మనం పోసింది పోసినట్టు పట్టుకునే చెంబులు కారు. ఇంటూలు ఎక్కువ పడ్డ కుర్రాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకుని, "నాకు అయిదు, నీకు నాలుగే" అని పోటీ పెట్టుకోవడం చూశాను. లంచం, మొహమాటం, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవడం ఇంట్లోనూ నేర్చుకుంటారు కాబట్టి, అంతా బడి మీదికే తోయలేం. రెండోది, దాగి ఉన్నదల్లా చెడ్డదే కానక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వరసలో కంచం పట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడటం, ఏ ఇంటి పిల్లయినా పక్క పక్కనే కూర్చుని తినడం కూడా పుస్తకంలో లేని పాఠాలే. వాటిని నేను మార్చమనను.

మీరు ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళినప్పుడు లెసన్ ప్లానుతో పాటు ఒక చిన్న పుస్తకం ఉంచుకోండి. అన్నీ చూడాలనుకోకండి. ఏదో ఒక్క అలవాటు తీసుకోండి: గది ఎవరు ఊడుస్తున్నారు, టీ తేవడానికి ఎవర్ని పంపుతున్నారు, లీడరు ఎవరి పేరు రాస్తున్నాడు. రెండు వారాలు రోజూ పేర్లతో సహా రాసుకోండి, ఒక్కరోజు చూస్తే ఏమీ కనిపించదు. తర్వాత ఆ పేర్లని బెంచీల బొమ్మ మీద గుర్తు పెట్టండి. ఆ పేర్లు ఎవరికీ చూపించకండి, బడికి అసలే చూపించకండి. నేను మొదటిసారి స్టాఫ్‌రూంలో చూపించాను. అందరూ ఆ ఏడుగురి పేర్లే గుర్తుపెట్టుకున్నారు.

నేను ఏ కిటికీ పక్క నిలబడ్డానో ఒక్కరూ అడగలేదు.