బ్రాంచి పనిని ఫిన్‌టెక్ ప్రొఫైల్‌లో ఎలా రాయాలి?

“ప్రభుత్వ బ్యాంకులో ఎనిమిదేళ్లుగా ఆఫీసర్‌ని, అందులో నాలుగేళ్లు క్రెడిట్‌లో. హైదరాబాద్‌లోనే ఏదైనా ఫిన్‌టెక్‌లో ప్రొడక్ట్ వైపు వెళ్దామని ఉంది. ప్రొఫైల్ ఎన్నిసార్లు రాసినా బ్యాంకు సర్క్యులర్‌లాగే వస్తోంది. ఎవరైనా ఇలా మారారా?”

నేను మారి మూడేళ్లయింది. అంతకుముందు కూకట్‌పల్లి వైపు ఒక బ్రాంచిలో చిన్న వ్యాపారుల లోన్లు చూసేవాణ్ణి. ‘ఎంఎస్ఎంఈ ప్రతిపాదనల పరిశీలన, ఎన్‌పీఏ రికవరీ’ అని రాసుకుని మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే, ఎదురుగా కూర్చున్న అమ్మాయి “ఇందులో మీవల్ల మారింది ఏంటండీ?” అంది. నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే గుర్తొచ్చింది. మా వర్కింగ్ క్యాపిటల్ ఫైళ్లు ప్రాసెసింగ్ సెంటర్ నుంచి క్వెరీలతో తిరిగొచ్చేవి. ఒకసారి విసుగొచ్చి రెండు నెలల రిజిస్టర్ తిరగేశాను. 40 ఫైళ్లలో 22 వెనక్కొచ్చాయి, 13కి కారణం ఒకటే: జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలకూ మా కరెంట్ అకౌంట్లో పడ్డ డబ్బుకూ పొంతన లేదు. మోసమేం కాదు. కిరాణా షాపాయన క్యూఆర్ కోడ్‌ని ఇంకో బ్యాంకులోని సేవింగ్స్ ఖాతాకు పెట్టుకున్నాడు, అంతే. అప్పటినుంచి ఫైలు తీసుకునే రోజే ఆ రెండో స్టేట్‌మెంటూ అడిగాం. తర్వాతి రెండు నెలల్లో 38కి 9 మాత్రమే తిరిగొచ్చాయి.

ప్రొఫైల్‌లో అదే ఇలా మార్చాను: ‘చిన్న వ్యాపారుల లోన్ దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో గుర్తించి, మొదటి దశలోనే రెండో ఖాతా స్టేట్‌మెంట్ తీసుకునేలా చేశాను, రీవర్క్ 55 నుంచి 24 శాతానికి తగ్గింది.’ తర్వాతి ఇంటర్వ్యూ మొత్తం ఈ వాక్యం మీదే నడిచింది. “ఇంకో కాగితం అడిగితే కస్టమర్లు పోలేదా?” అన్నారు. ఇద్దరు పోయారని ఉన్నదే చెప్పాను. డ్రాప్-ఆఫ్ అంటే వాళ్ల లెక్కలో అదే. అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా కస్టమర్ అనుమతితో ఆ స్టేట్‌మెంట్ నేరుగా తెప్పించొచ్చు కదా అన్న మాట కూడా అక్కడే వచ్చింది.

రికవరీ కూడా అంతే. మనం ఎస్ఎంఏ-1 అనేదాన్ని వాళ్లు 31 నుంచి 60 రోజుల డీపీడీ బకెట్ అంటారు. పేరు మార్చితే చాలదు, ఏ రోజు ఫోన్ చేస్తే కట్టారో, ఎవరికి షాపుకే వెళ్లాల్సొచ్చిందో రాయండి.

రెండు జాగ్రత్తలు. సాంక్షన్ పవర్ మీది కాకపోతే ‘మంజూరు చేశాను’ అనకండి, ‘సిఫార్సు చేశాను’ అనండి. లోతుగా రెండు ప్రశ్నలడిగితే దొరికిపోతాం. బ్రాంచి ఎన్‌పీఏ అంకెలు, కస్టమర్ల పేర్లు ఎక్కడా రాయొద్దు, పైగా మీరింకా ఉద్యోగంలోనే ఉన్నారు. మీ సొంత పని మీద శాతాలు చాలు.

ఇంకోటి, నేరుగా ప్రొడక్ట్ మేనేజర్ పోస్టులకే పెట్టి నేను అయిదు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి పిలిచింది క్రెడిట్ పాలసీ టీమ్. ఏ దరఖాస్తు ఏ రూల్ దగ్గర ఆగాలో రాసే పని అది, ప్రొడక్ట్ వాళ్లు పక్క సీట్లోనే ఉంటారు. అక్కడ్నించి అటు మారడానికి నాకు ఏడాది పట్టింది.