తోటివారి లేఖ దిద్దడానికి చెక్‌లిస్ట్

ప్రశ్న: ఎనిమిదో తరగతి లేఖారచనలో పిల్లలు ఒకరిది ఒకరు చూసి ‘బాగుంది’ అనో, ‘చేతిరాత బాలేదు’ అనో రాసేస్తున్నారు. చెక్‌లిస్ట్ ఎలా ఉండాలి?

‘స్పష్టంగా ఉందా?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. కాగితం మీద వేలుపెట్టి చూపగలిగేవే అడగండి, మూడు చాలు. మురుగుకాల్వ గురించి మున్సిపల్ కమిషనర్‌కు రాసే లేఖైతే: వీధి పేరు ఉందా, సమస్య ఎన్నాళ్లుగా ఉందో రాశారా, ఏం చేయమంటున్నారు?

ఉన్నదాని కింద పెన్సిల్‌తో గీత గీయాలి. గీత లేని టిక్కు లెక్కలోకి రాదంటే చదవకుండా టిక్కులు పెట్టరు. లేనిదాన్ని ప్రశ్నగా రాయించండి: ‘కాల్వ ఎప్పటినుంచి పొంగుతోంది?’ అది లేఖను అడుగుతుంది, రాసినవారిని నొప్పించదు. చేతిరాత జాబితాలో లేదు, దాని ఊసు వద్దని ముందే చెప్పండి.

చూడటానికి 8 నిమిషాలు, వెంటనే సరిదిద్దుకోవడానికి 7 నిమిషాలు ఇవ్వండి. రెండోది ఇంటిపనికి వదిలేస్తే ఆ ప్రశ్నలు నోట్‌బుక్‌లోనే ఉండిపోతాయి.