టెక్ సందేహాలు: గోడ చెమ్మ ఫొటోల్లో కనిపించాలంటే

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. పడకగది గోడకు చెమ్మ పట్టి రంగు ఊడుతోంది. ఇంటి యజమాని రిటైరైన మాస్టారు, కరీంనగర్‌లో ఉంటారు. వాట్సాప్‌లో ఇరవైకి పైగా ఫొటోలు పంపితే ‘గోడ బాగానే ఉంది కదమ్మా’ అన్నారు. ఆయనంటే మాకు గౌరవం, గొడవ పడాలని లేదు. ఈమెయిల్‌లో మర్యాదగా ఉత్తరం రాసి ఫొటోలు జతచేయాలనుకుంటున్నాను. ఎలా పంపితే ఆయనకు సరిగ్గా కనిపిస్తాయి?
– ఒక పాఠకురాలు

మాస్టారు అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. ఆయన ఫోనులో ఆ గోడ నిజంగానే బాగా కనిపించి ఉంటుంది. తెల్లగోడ మీద చెమ్మ మచ్చకు, పొడిగా ఉన్న భాగానికి రంగులో తేడా చాలా తక్కువ. గదిలో వెలుతురు చాలనప్పుడు ఫోను కెమెరా ఫొటోలోని గరుకుదనాన్ని నునుపు చేసేస్తుంది. ఆ సవరింపులో మచ్చ అంచు కూడా కొట్టుకుపోతుంది. ఫ్లాష్ వేస్తే ఇంకా నష్టం. కాంతి ఎదురుగా పడటంతో పొక్కులు, పెచ్చులు అన్నీ చదునైపోయి గోడ కొత్తగా రంగు వేసినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాతి దెబ్బ వాట్సాప్‌ది. ఇప్పటి ఫోన్లలో మామూలు ఫొటో 12 మెగాపిక్సెల్‌ది అనుకుందాం, అంటే 4000 పిక్సెళ్ల వెడల్పు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వెడల్పు సుమారు 1600కు కుదించుకుపోతుంది. మొత్తం పిక్సెళ్లలో ఆరో వంతు కూడా మిగలదు. ‘హెచ్‌డీ’ గుర్తు నొక్కితే కొంత మెరుగే కానీ అప్పుడూ కుదింపు తప్పదు. పైగా ఫొటోలో దాగి ఉండే తీసిన తేదీ, సమయం కూడా దారిలోనే రాలిపోతాయి. ఆయన పెద్దగా చేసి చూద్దామనుకున్నా మచ్చ స్థానంలో మసక తప్ప మరేమీ కనపడదు.

కాబట్టి ముందు ఫొటోలు మళ్లీ తీయండి. ఇరవై వద్దు, ఐదు చాలు. ఇరవై ఫొటోలు వస్తే ఎవరైనా మొదటి మూడు చూసి వదిలేస్తారు.

మొదటిది గుమ్మం దగ్గర నిలబడి గోడ మొత్తం వచ్చేలా తీయండి. మచ్చ ఏ గోడకు, ఏ మూలన ఉందో మాస్టారికి వెంటనే తెలియాలి. అది ఆయన కట్టించుకున్న ఇల్లు, గది పోలిక పట్టగానే మిగతావి ఆయనకే అర్థమవుతాయి. రెండోది నాలుగడుగుల దూరం నుంచి మచ్చ వరకే. మూడోది దగ్గరగా, రంగు ఊడిన చోటు. దీనికి గదిలో లైటు ఆపేసి, ఇంట్లో ఇంకొకరి ఫోను టార్చిని గోడకు దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వేయించండి. అలా పక్క వెలుగు పడితే లేచిన ప్రతి పెచ్చుకూ నీడ వస్తుంది. ఎదురుగా చూస్తే కనిపించని పొక్కులు కూడా ఈ వెలుగులో ఉబ్బెత్తుగా తేలతాయి. తెరపై మచ్చ అంచు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. ఫొటో కొంచెం ముదురుగా వచ్చినా తడి, పొడి విడివిడిగా తెలుస్తాయి. పక్కన పిల్లల స్కేలో, పది రూపాయల నాణెమో పట్టుకోండి. నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, దాంతో పెచ్చు పరిమాణం చెప్పకుండానే తెలిసిపోతుంది.

నాలుగో ఫొటో చాలామంది మరిచిపోయేది: అదే గోడకు అవతలి వైపు. అక్కడ స్నానాలగది ఉంటే కుళాయి, టైళ్ల మధ్య సందులు, నేల మూల కనిపించేలా తీయండి. పడకగదిలోని మచ్చ సరిగ్గా ఆ కుళాయి వెనకే వస్తోందా లేదా అన్నది ప్లంబరుకు మొదటి ఆధారం. అటువైపు బయటి గోడే అయితే సజ్జా, కిటికీ చుట్టూ పగుళ్లు, వాన నీటి గొట్టం తీయండి. ఐదోది, చెమ్మ దగ్గరలో స్విచ్‌బోర్డు ఉంటే దానిది. ఉత్తరంలో తొందర ఉండాల్సింది ఆ ఒక్క విషయంలోనే.

మచ్చ అంచు వెంట పెన్సిలుతో సన్నని గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారం తర్వాత తడి గీత దాటిందా లేదా చూడండి. వాన పడని వారంలోనూ దాటితే గొట్టాల వైపు అనుమానించాలి. వాన పడినప్పుడే దాటి, తర్వాత ఆరిపోతుంటే బయటి గోడనో పైకప్పునో చూడాలి. గుర్తు కోసం టేపు అతికించవద్దు, దాన్ని పీకినప్పుడు రంగు కూడా ఊడివచ్చి ఆ లెక్క మీ మీద పడుతుంది.

ఇక పంపడం. జీమెయిల్‌లో జతచేసే ఫైళ్ల మొత్తం 25 ఎంబీ దాటకూడదు. ఒక్కో ఫొటో నాలుగు ఎంబీ అనుకున్నా ఐదూ కలిపి ఇరవైలోపే, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇరవై ఫొటోలు జతచేస్తే మాత్రం జీమెయిల్ వాటిని డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతుంది. అనుమతి సరిగ్గా ఇవ్వకపోతే మాస్టారికి ఫొటోకు బదులు ‘అనుమతి అడగండి’ అన్న తెర వస్తుంది. ఆయన ఆ ప్రయత్నాన్ని అక్కడితో ఆపేస్తారని నా అంచనా. మీది ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కు వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకున్నాకే ఫొటోలు తీయండి. లేకపోతే అవి హెచ్‌ఈఐసీ రూపంలో ఉంటాయి, పాత కంప్యూటర్లలో తెరుచుకోవు. ఐఫోన్‌లోని మెయిల్ యాప్ నుంచి పంపేటప్పుడు పరిమాణం అడిగితే ‘యాక్చువల్ సైజ్’ నొక్కండి.

ఫైళ్ల పేర్లు కెమెరా పెట్టినవి ఉంచవద్దు. ఇలా మార్చండి:

```
1_gadi_motham.jpg
2_machha.jpg
3_rangu_oodina_chotu.jpg
4_snanala_gadi_vaipu.jpg
5_switch_board.jpg
```

ఉత్తరంలో ‘3వ ఫొటో’ అంటే ఆయన మూడోదే తెరవాలి. ముందు అంకె ఉంటే వరుస చెదరదు. ఆయనకు ఈమెయిల్ కంటే వాట్సాపే అలవాటైతే మెయిలు పంపాక అవే ఫైళ్లను అక్కడా పంపండి, కానీ గ్యాలరీ గుర్తు నొక్కవద్దు. జతచేసే క్లిప్పు నొక్కి ‘డాక్యుమెంట్’ ద్వారా పంపితే ఫొటో కుదించుకుపోకుండా, తేదీతో సహా వెళ్తుంది.

ఉత్తరంలో ఏం రాయాలన్నది మీరు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే సగం ఉత్తరాలు అక్కడే చెడతాయి. ఫొటోలో కనిపించేదాన్ని వర్ణించడానికి నాలుగు పేరాలు ఖర్చు చేస్తారు. ఫొటోలో కనిపించని సంగతులు, అంటే ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది, వాన లేనప్పుడు ఎలా ఉంది, వాసన వస్తోందా, ఇవి వదిలేస్తారు. కారణం కూడా తామే తేల్చేస్తారు. ‘మీ ప్లంబింగ్ నాసిరకం’ అని రాస్తే ఆయన ప్లంబింగ్‌ను సమర్థించుకునే పనిలో పడతారు. చూసింది రాయండి, కారణం చూడటానికి మనిషిని పంపమనండి. వివరాలు మీవి వేసుకుని, ఇలాంటిది సరిపోతుంది:

విషయం: ఫ్లాట్ 204, పడకగది గోడకు చెమ్మ (5 ఫొటోలు జతచేశాను)

మాస్టారికి నమస్కారాలు. మీరూ, అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పడకగదిలో స్నానాలగది వైపు గోడకు చెమ్మ పట్టింది. జూన్ చివరి వారంలో నేల దగ్గర అరచేయంత మచ్చ చూశాము. ఇప్పుడది మూడడుగుల ఎత్తుకు వచ్చింది (1, 2 ఫొటోలు). రంగు పొక్కులు లేచి రాలుతోంది, లోపల తెల్లటి పొడి కనిపిస్తోంది (3వ ఫొటో). వాన లేని రోజుల్లో కూడా గోడ ఆరడం లేదు. తలుపులు వేసి ఉంచితే ముక్కవాసన వస్తోంది. గోడకు అవతల కుళాయి ఉన్న చోటు 4వ ఫొటోలో ఉంది.

తడి స్విచ్‌బోర్డుకు జానెడు దూరంలోకి వచ్చింది (5వ ఫొటో). అందుకని ఆ బోర్డు వాడటం మానేశాము. ఈ ఒక్కటీ త్వరగా చూపిస్తే బాగుంటుందని మనవి.

మీకు తెలిసిన ప్లంబరును ఈ శని, ఆదివారాల్లో పంపగలరా? మేము ఇంట్లోనే ఉంటాము. మీరు రావడం ఇబ్బంది అయితే, మీరు సరేనంటే ఇక్కడ ఒకరిని పిలిపించి, ఆయన చెప్పింది, అయ్యే ఖర్చు మీకు తెలియజేస్తాను. మీ మాట లేకుండా ఏ పనీ మొదలుపెట్టము. రంగు వేయించడం నీటి సంగతి తేలాక చూసుకోవచ్చు.

ఇట్లు,
(పేరు, ఫోను నంబరు)

ఆ తెల్లటి పొడిని తప్పకుండా ప్రస్తావించండి. సిమెంటు, ఇటుకలలోని లవణాలు నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక గోడ మీద మిగిలేదే అది. నీరు గోడ లోపలి నుంచి వస్తోందని అనుభవమున్న మేస్త్రీ దాన్ని చూడగానే పట్టేస్తాడు. దాని మీదే లప్పం పెట్టి రంగు వేస్తే మళ్లీ పొక్కులు లేవడం ఖాయం. ఉత్తరం చివర రంగు మాట తర్వాతకు పెట్టింది అందుకే. మాస్టారు పెయింటరును పంపిస్తానంటే, ముందు ప్లంబరును పంపమని మర్యాదగానే అడగండి.

ప్రశ్న: ఫొటో మీదే తేదీ, సమయం అచ్చయ్యే యాప్‌లు ఉన్నాయి కదా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టకుండా అవి పనికొస్తాయా?
– మరో పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

ఫొటో మీద అచ్చయ్యే తేదీ ఫోను గడియారం చెప్పిందే. గడియారం మారిస్తే అదీ మారుతుంది. ఫైలులో దాగి ఉండే తేదీని కూడా మార్చడం కష్టం కాదు. ఈమెయిల్ తేదీ మాత్రం మీ ఫోను చేతిలో లేదు. మెయిలు ఎప్పుడు అందిందో యజమాని మెయిలు పెట్టెలో నమోదవుతుంది, నకలు ఇద్దరి దగ్గరా ఉంటుంది. అందుకని ఇంట్లో దిగిన వారంలోనే గోడల ఫొటోలు యజమానికి మెయిలు చేసి, ‘చూశాను’ అన్న ఒక్క మాట జవాబుగా తెప్పించుకోండి. ఆ జవాబును, అసలు ఫొటోలను ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు చేతికి వచ్చేదాకా చెరిపేయవద్దు.