సింకులో పొడి వేసే ముందు ఒక్క మగ్గు నీళ్లు పోసి చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను, కిచెన్ సింకులో నీళ్లు నిలిచిపోయాయి, పక్కన డ్రెయిన్ క్లీనర్ పొడి ప్యాకెట్లు రెండు. ఎంజైమ్ క్లీనర్ వాడొచ్చా అని కూడా అడిగావు. ఇంకా వేయకపోతే అక్కడే ఆగు. ముప్పై ఏళ్లు పైపుల పని చేసిన మీ మామయ్యగా చెబుతున్నాను, ఆ పొడి నిలిచిపోయిన సింకుకి కాదు, నెమ్మదిగా పోయే సింకుకి. ఒక మగ్గు నీళ్లు పోసి చూడు. నిమిషం, రెండు నిమిషాల్లో కిందికి దిగితే అది జిడ్డు. అసలు కదలకపోతే పొడీ వద్దు, ఎంజైమూ వద్దు.

ఆ పొడిలో ఉండేది ముఖ్యంగా కాస్టిక్ సోడా, కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కూడా కలుపుతారు. నీళ్లు తగలగానే వేడెక్కి నూనె జిడ్డుని సబ్బులా మార్చేస్తుంది. నీళ్లు కదులుతుంటే ఆ సబ్బు కొట్టుకుపోతుంది. కదలకపోతే పొడి వంపులో కూర్చుని గడ్డకడుతుంది, వేడి అంతా ఒకేచోట నిలుస్తుంది. కాస్టిక్ పీవీసీని తినదు, ఆ మాట నిజమే, కానీ మామూలు పీవీసీ వేస్ట్ పైపు 60 డిగ్రీలు దాటిన వేడికి పనికిరాదు, సింకు కింద ఉండే ముడతల పైపు అంతకన్నా పల్చన. పాత ఇళ్లలో జీఐ పైపులుంటే కాస్టిక్ వాటి మీది జింకు పూతనే తింటుంది. యాసిడ్ అయితే ఇనుమునీ, సిమెంటు జాయింట్లనీ కూడా.

విజయవాడలో ఒక ఇంట్లో ఇదే జరిగింది. సాయంత్రం రెండు ప్యాకెట్లు వేశారు, పోలేదు, పొద్దున బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోశారు. కాస్టిక్ మీద యాసిడ్ పడితే ఎంత వేడి పుడుతుందంటే, బుస్సుమని పైకి చిమ్మింది, ఆవిడ ముంజేయి కాలింది. నేను వెళ్లేసరికి ముడతల పైపు మధ్యలో మెత్తబడి కిందికి వేలాడుతోంది. సింకు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ విప్పితే అడుగున తెల్లటి గడ్డ, రాయిలా ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడవాల్సి వచ్చింది. గ్లవ్స్ చిరిగిన చోట వేళ్లు సబ్బు పట్టుకున్నట్టు జారాయి, అలా జారుతున్నాయంటే కాస్టిక్ చర్మాన్ని తింటోందని అర్థం. పావుగంటకు పైగా కుళాయి కింద పెట్టి కడుక్కున్నాను. అంతా చేసి అడ్డం ఏమిటంటే, నూనెలో ముద్దకట్టిన అన్నం, గుప్పెడు.

అందుకే నువ్వు చేయాల్సింది ఇది. సింకు కింద బకెట్ పెట్టు, బాటిల్ ట్రాప్ అడుగు కప్పుని చేత్తో తిప్పితే ఊడుతుంది, అందులో పేరుకున్నదంతా తీసి కడిగి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించు. పది నిమిషాల పని. ఇప్పటికే ఏదైనా పోసి ఉంటే మాత్రం నువ్వు విప్పకు, ప్లంబర్‌ని పిలిచి ఏం పోశావో ముందే చెప్పు. చెప్పకపోతే పాపం అతని కళ్లలో పడుతుంది. ఎవరి కంట్లో పడినా వెంటనే నీళ్లతో 20 నిమిషాలు కడుగుతూ ఉండాలి, ఆ తర్వాత నేరుగా ఆస్పత్రికి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి రాయకూడదు.

ఎంజైమ్ క్లీనర్ గురించి అడిగావు కదా, అది మంచిదే, పైపుకి ఏ హానీ లేదు, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లకి నేను అదే చెబుతాను, ఎందుకంటే కాస్టిక్ ఎక్కువైతే ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియా చస్తుంది. కానీ అది అడ్డం తీసే మందు కాదు. జిడ్డునీ, అన్నం మెతుకులనీ నిదానంగా కరిగిస్తుంది, అంతే. రాత్రి చివరి గిన్నె కడిగాక, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చటి నీళ్లు ఒక మగ్గు పోసి, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేసి, పొద్దున దాకా కుళాయి తిప్పకు. ఇలా నాలుగైదు రాత్రులు. మరిగే నీళ్లు పోసినా, అదే రోజు బ్లీచింగో ఫినాయిలో వేసినా అది చచ్చిపోతుంది, డబ్బులు దండగ.

ఇంకో సంగతి కూడా చూడు. కిచెన్‌లో నీళ్లు వదిలితే బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే నాహనీ ట్రాప్‌లోంచి పైకి తన్నుతున్నాయా? అయితే అడ్డం నీ సింకులో లేదు, బయటి లైన్లోనో ఛాంబర్‌లోనో ఉంది. నువ్వు పోసింది ఏదైనా అక్కడికి చేరేసరికి పల్చనైపోతుంది, లేదంటే బాత్‌రూమ్‌లోకే వస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకి చెప్పి రాడ్ వేయించు. ఈమధ్య మీ ఫ్లాట్‌లో టైల్స్ మార్చారు కాబట్టి సిమెంటు పాలు పైపులో గట్టిపడి ఉండొచ్చు, దానికి పొడీ, ఎంజైమూ రెండూ పనిచేయవు. యాసిడ్‌తో కరిగిద్దాం అని మేస్త్రీ అంటే ఒప్పుకోకు.

ట్రాప్ విప్పాక లోపల ఏముందో ఫొటో తీసి పంపు. కప్పు బిగిశాక కింద పొడి కాగితం పరిచి ఒక బకెట్ నీళ్లు వదులు, చుక్క పడితే కాగితం మీద తెలిసిపోతుంది.

మీ మామయ్య